పిన్‌కోడ్ ఒకటి, ఊరు ఒకటి

పార్సిల్ గోదాములో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిన్‌కోడ్ అక్క అంటే చాలు. ఆరంకెలు చెబితే ఏ ఊరో, ఏ పోస్టాఫీసో తడుముకోకుండా చెప్పేస్తుంది. జనం చిరునామాలు రాసే తీరు చూస్తే పదకొండేళ్ళుగా ఆవిడకు ఒళ్ళుమంట. ఇంటి నంబరు రాయరు గానీ, "నీలం గేటు, ఎవర్నడిగినా చెప్తారు" అని రాస్తారు మహానుభావులు. అడిగితే ఒక్కడూ చెప్పడు.

మెషీను ఆపేసిన పార్సిళ్ళు ఆవిడ బల్ల మీదికొస్తాయి. చిరునామాలో ఏ భాగం లేదో, ఏది దేనికి కుదరలేదో చూసి, పంపినవాళ్ళకు రాయాలి. వాళ్ళు సరిచేసి పంపితేనే బండెక్కించాలి. సొంత ఊహ పనికిరాదు.

నాలుగు నెలల కిందట మొగుడు వంతెన పనికని వెళ్ళాడు. మొదట రోజూ ఫోను, తర్వాత వారానికోసారి, ఇప్పుడు అదీ లేదు. వస్తాడా రాడా అన్నదొక్కటే తేలాలి. ఆవిడకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఇంత తింటోంది, పడుకుంటోంది, రుచీ పచీ లేదు.

ఆ ఉదయం కళ్ళజోళ్ళ షాపు నుంచి వచ్చిన డబ్బా ఆగిపోయింది. మొగుడి పేరు, మొగుడి ఫోను నంబరు. వీధి తమదే, ఊరు తమదే. ఇంటి నంబరు లేదు. పిన్‌కోడ్ మాత్రం తమ ఊరిది కాదు. రెండు గంటల ప్రయాణమంత దూరంలో ఉన్న ఊరిది. ఆ దిక్కున వంతెన పనేదీ లేదని ఆవిడకు తెలుసు.

స్కానరు పట్టుకున్న కుర్రాడు తొంగిచూశాడు. దళసరి కళ్ళద్దాల వల్ల గోదాములో వాడి పేరు సోడాబుడ్డి. "మీ ఇల్లే కదక్కా. నంబరు రాసి, పిన్ను మార్చేయ్. సాయంత్రానికి ఇంట్లో ఉంటుంది."

"నాకు తెలిసింది రాయకూడదు రా. పంపినవాళ్ళు చెప్పిందే రాయాలి."

మార్చేస్తే జోడు ఇంటికొస్తుంది. జోడు కోసమైనా మనిషి రావచ్చు. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మామూలుగానే షాపుకు మెసేజీ కొట్టింది: 'ఇంటి నంబరు లేదు. పిన్‌కోడ్ ఊరికి సరిపోవడం లేదు. ఏది సరైనదో కొనుగోలుదారుణ్ణి అడిగి చెప్పండి.' పిన్‌కోడ్ మార్చి ఊరు ఉంచినా సరిపోతుంది. ఊరు మార్చి పిన్‌కోడ్ ఉంచినా సరిపోతుంది. ఏది చేస్తాడో అతనిష్టం.

భోజనాల తర్వాత షాపు జవాబు వచ్చింది. ఆవిడ వరసగా చూసుకుంటూ పోయింది. ఇంటి నంబరు పద్నాలుగు. వీధి కొత్తది. ఊరు కొత్తది. పిన్‌కోడ్ పొద్దున ఉన్నదే.

"ఏమైందక్కా, మీ ఇంటికేనా?" అన్నాడు సోడాబుడ్డి.

"కాదు. వేరే ఊరు."

అంకెలు ఇంకోసారి సరిచూసింది. ఊరికీ పిన్‌కోడ్‌కీ చక్కగా కుదిరింది. లోపాలు అని ఉన్న గడిలో 'ఏమీ లేవు' అని కొట్టి, డబ్బాను బండి వైపు తోసింది.