మీసం కూడా కమలలేదు

ముందే ఒప్పుకుంటున్నాను: ఏది చెప్పినా నేను పెంచే చెబుతాను. మా ఫైర్ స్టేషన్‌లో అందరికీ తెలుసు, నా నోట్లో పడితే అగ్గిపుల్ల కూడా అడవి మంటవుతుంది.

హనుమకొండలో పరుపుల దుకాణం అంటుకున్న రోజు మా బండి సైరన్‌కు కేసముద్రం మార్కెట్లో ఎద్దులు బెదిరాయి. పొగ కాజీపేట దాకా వెళ్లి రైలెక్కింది. మంట మాత్రం వెనక మూలన, రెండు పరుపులంత.

క్షేమంగా బయటపడ్డ యజమాని మేం చేరేలోపే మళ్లీ లోపలికి వెళ్లాడు. దుకాణంలో దేవుడి పటం కాలితే అరిష్టమని ఆయన భయం. తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకున్నాడు.

"వద్దే అన్నా, పోకు!" అని తమ్ముడు అరిచాడు.

"జరంత మంటనేరా, ఫికర్ జెయ్యకు. గిట్ల పోయి గట్ల వస్త."

గాలి సిలిండర్ తగిలించుకుని నేనే ఆయన్ని మోసుకొచ్చాను. మీసం కూడా కమలలేదు.

"ఒక్క బొబ్బ లేదు మేడం, జర లేపుండ్రి," అని దవాఖానలో తమ్ముడు బతిమాలాడు.

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఫోమ్ కాలితే కార్బన్ మోనాక్సైడ్, సైనైడ్ గ్యాస్ రెండూ వస్తయి నాయనా. మొదటిది రక్తాన్ని ఆక్సిజన్ మోయనియ్యదు. సైనైడేమో, అందిన ఆక్సిజన్‌ను కూడా ఒళ్లు వాడుకోకుండ జేస్తది. తడి తువ్వాల మసిని ఆపుతదేమో గాని గ్యాస్‌ను ఆపదు. అగ్గి ప్రమాదాలల్ల కాలి పోయేటోళ్లకంటె గిట్ల పోయేటోళ్లే ఎక్కువ."

ఎద్దులనూ రైలునూ మీరెలాగూ నమ్మి ఉండరు. నేను నిజంగా కల్పించింది తమ్ముడి అరుపు, దానికి అన్న జవాబు. ఆయన్ని ఎవరూ ఆపలేదు. మంట చిన్నదే కదా అని అందరూ చూస్తూ నిలబడ్డారు.