మెలికొమ్ముల ఇర్రి బోర్డు

నేను మనిషిని కొట్టింది జీవితంలో ఒక్కసారే. ఆ ఒక్కసారికే ఒక మనిషి బతుకుతెరువు పోయింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. అరవైల మొదట్లో సంగతి. నందిగామలో రోడ్ల శాఖ సెక్షన్ ఆఫీసులో పెయింటర్ని. మైలురాళ్ళకి అంకెలు వెయ్యడం, కల్వర్టు గోడలకి సున్నం కొట్టడం, హెచ్చరిక బోర్డులు రాయడం నా పని. బోర్డులన్నీ చేత్తో రాసినవే. ఇనప స్తంభానికి పైన ఎర్ర త్రికోణం, దాని కింద ఇనప పలక. పలకకి ముందు తుప్పు పట్టకుండా ఎర్ర పూత, ఆరాక తెల్ల ఎనామిల్ రెండు పూతలు, దాని మీద నల్లరంగుతో బొమ్మ. మలుపుకి వంకర గీత, బడికి పిల్లలు, జంతువులు దాటే చోట జంతువు. అక్షరం రాని డ్రైవరుకి కూడా ఒక్క చూపులో తెలియాలి కాబట్టి బొమ్మ.

నందిగామ దాటి చిల్లకల్లు వైపు పోతుంటే హైదరాబాదు రోడ్డుకి రెండు పక్కలా పెసర చేలు, జొన్న చేలు. ఆ చేలల్లో ఇర్రులు గుంపులుగా తిరిగేవి. ఇర్రి అంటే మగ జింక, వీపు నల్లగా పొట్ట తెల్లగా ఉంటుంది. పొద్దున్నా సాయంత్రం రోడ్డు దాటేవి. ఒకటి దాటితే వెనక గుంపంతా గాల్లోకి ఎగురుకుంటూ వచ్చేది. లారీలు గుద్దితే నడుములు విరిగి, ముందుకాళ్ళతో ఈడ్చుకుంటూ కంకర మీద అరుస్తూ చచ్చేవి. ఆ అరుపు విన్నవాళ్ళకి ఆ పూట అన్నం దిగదు. అందుకని అక్కడ బోర్డు పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఓవర్సీరుగారు నాకో డ్రాయింగు కాగితం ఇచ్చారు. ఏ తెల్లదొరల పుస్తకంలోంచి దించారో, అందులో జింకకి చెట్టు కొమ్మల్లే చీలికలు చీలికలుగా కొమ్ములున్నాయి. ఉన్నదున్నట్టు రాసి పట్టుకెళ్ళా.

రోడ్డు గ్యాంగులో ఒకావిడ ఉండేది. నేను అక్కా అనేవాణ్ణి. మొగుడు పోయాక అతని పని ఆవిడకి ఇచ్చారు. గునపం పట్టిందంటే మగవాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు. స్తంభానికి గుంట తవ్వుతూ పలక వైపు చూసి పకపకా నవ్వింది.

"తమ్ముడూ, దాని నెత్తిన తుమ్మచెట్టు మొలిచిందేంటి?"

"డ్రాయింగులో అట్టాగే ఉందక్కా."

"మన ఇర్రికి కొమ్ములు మెలితిప్పిన తాడల్లే ఉంటాయి. ఈ చేలల్లో పుట్టినదాన్ని, నాకు తెలవదా?" అని గునపం మొనతో మట్టిలో గీసి చూపించింది. రెండు గీతల్లో ఇర్రి వచ్చేసింది.

ఓవర్సీరుగారు మొదట ఒప్పుకోలేదు. "డ్రాయింగులో లేనిది రాస్తే నన్ను అడుగుతారయ్యా" అన్నారు. ఆవిడే ముందుకొచ్చి చెప్పింది. "అయ్యా, అదేదో దేశం జింకని చూసి డ్రైవరు మనది కాదనుకుని పోతాడండి. ఈ చేలోంచి ఏది లేచొస్తదో అదే కనపడితే కాలు బ్రేకు మీదికి పోద్ది." ఆయన కాసేపు ఆలోచించి సరే అన్నారు.

పలక చెరిపి మళ్ళీ రాశా. మెలికొమ్ములు, నల్ల వీపు, ఎగరబోతున్న ముందుకాళ్ళు. ఇర్రులు దాటే చోటికి బాగా ముందుగా, డ్రైవరుకి బండి ఆపుకునే వ్యవధి ఉండేలా, ఎడమ పక్కన పాతాం. ఆ తర్వాత జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల పోయే రోడ్డులో కొండ అడవి రోడ్డు దాకా వచ్చే చోట అడవిపంది బొమ్మ పెట్టాం, మెడ మీద జూలు నిక్కబొడుచుకున్నది. కొన్నాళ్ళకి డ్రైవర్లు ఆ బొమ్మల్నే ఊళ్ళపేర్లల్లే వాడేవాళ్ళు. "ఇర్రి దాటాక టైరు పేలింది" అనేవాళ్ళు. "పంది దగ్గర ఆగాం" అనేవాళ్ళు. జిల్లా సరిహద్దు దాటి కోదాడ వైపు పోతే మళ్ళీ ఆ చెట్టుకొమ్ముల జింకే. అక్కడి పెయింటరు కాగితంలో ఉన్నదే దించేవాడు. కొమ్ములు చూసి ఏ జిల్లాలో ఉన్నారో చెప్పొచ్చు.

ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి నేను సైకిలు మీద అటు పోతున్నా. దూరంగా జనం కనపడ్డారు. దగ్గరికి పోయేసరికి ముందు రెండు ఇర్రులు కనపడ్డాయి, ఒకదాని పొట్ట పగిలి పేగులు తారు మీద పడి ఉన్నాయి. వాటికి పది అడుగుల అవతల అక్క.

ఆ పూట గుంపు బోర్డు దగ్గరే అడ్డమొస్తే లారీ ఆగకుండా రెండింటిని తొక్కి, పక్కకి మళ్ళి, బోర్డుని విరిచి, అంచున గోతులు పూడుస్తున్న ఆవిడ మీదినుంచి పోయిందిట. వెనక చక్రం నడుం మీద ఎక్కింది. తల మాత్రం చెక్కుచెదరలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చేతిలో కంకర బుట్ట పిడి అలాగే ఉంది, బుట్ట లేదు. తోటి గ్యాంగు మనిషి ఒకడు మోకాళ్ళ మీద కూచుని చేతులతో మట్టి తీసి రక్తం మీద చల్లుతున్నాడు. ఎంత చల్లినా పైకి వస్తోంది.

"ఆగాడా?" అన్నా.

"ఆగలా. చిల్లకల్లు వైపు పోయాడు" అన్నాడు వాడు తలెత్తకుండానే.

అప్పుడే అటు పోయే బస్సొచ్చింది. నేనూ, ఇంకో పదిమందీ ఎక్కాం. డ్రైవరు సంగతి విని ఎక్కడా ఆపకుండా తోలాడు.

జగ్గయ్యపేట రోడ్డు వచ్చి కలిసే చిల్లకల్లు కూడలిలో టీ బంకు ముందు ఒక లారీ ఆగి ఉంది. సున్నపురాయి లోడు. ముందు బంపరంతా రక్తం. డ్రైవరు కింద నిలబడి గ్లాసుతో టీ తాగుతున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, బక్కపల్చగా ఉన్నాడు. మా వాడొకడు పోయి గ్లాసు మీద కొట్టాడు. వేడి టీ అతని మొహాన పడింది. రెండో దెబ్బకి కిందపడ్డాడు.

"ఏందయ్యా, ఎందుకు కొడతన్నారు?" అని అరిచాడు.

"మనిషిని చంపి టీ తాగుతున్నావా?"

"మనిషేంటయ్యా! పంది. అడివిపంది అడ్డమొచ్చింది. ముక్త్యాల రోడ్డులో, పంది బొమ్మ బోర్డు లేదూ, అది దాటంగానే! పోయి చూడండి, అక్కడే పడుంది!"

ఆ మాట నేను విన్నా. స్పష్టంగా విన్నా. ఆ బోర్డు రాసింది నేను. అది ఎక్కడుందో నాకన్నా బాగా తెలిసినవాడు ఆ గుంపులో లేడు. అతను చెప్పేది నిజమైతే వచ్చింది జగ్గయ్యపేట వైపు నుంచి, నందిగామ వైపు నుంచి కాదు. అంతే కాదు, బంపరు మీద రక్తంలో అతుక్కున్న వెంట్రుకలు చూశా. నల్లగా, బిరుసుగా, కొసలు చీలి ఉన్నాయి. రోజూ నా చేతిలో ఉండే బ్రష్షు వెంట్రుకలు అవే. పంది వెంట్రుకలు.

తెలిసింది. కానీ కళ్ళ ముందు అక్క నడుం ఉంది. ఎవడో ఒకడు దొరికాడు, వాడు చావాలి అనిపించింది, అంతే. లారీ కింద జాకీ రాడ్డు పడి ఉంది. తీశా. మొహానికి అడ్డం పెట్టుకున్న అతని కుడిచేతి మీద కొట్టా. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. మళ్ళీ ఎత్తా. రెండోసారి కొట్టానో లేదో నాకిప్పటికీ గుర్తు లేదు. మిగతావాళ్ళు కాళ్ళతో తన్నుతున్నారు. పళ్ళు రాలి, నోటి నుంచి రక్తం బుడగలుగా వస్తోంది. ఆ బుడగల్లోనే "పంది... పంది బోర్డు..." అంటున్నాడు. పోలీసులు లాఠీలతో మమ్మల్ని చెదరగొట్టేదాకా ఆగలేదు.

మూడోరోజు మా ఆఫీసుకి ఒక ఎస్సైగారొచ్చారు, సూర్యాపేట వైపు నుంచి. చేతిలో గుడ్డలో చుట్టిన రేకు ముక్క. అక్కడ ఒక షెడ్డులో వేరే లారీ ముందుభాగం సాపు చేయిస్తుంటే బంపరు వెనక ఇరుక్కుని దొరికిందట. దాని డ్రైవరు చెట్టుకి గుద్దానన్నాడట.

"అక్కడి పెయింటరుకి చూపించా. తన బోర్డుల్లో ఇట్లాంటి కొమ్ములు లేవన్నాడు. ఇది కృష్ణా జిల్లా వాళ్ళదే అన్నాడు. మీదేనా?" అన్నారు.

అరచేతిలో పట్టేంత ముక్క. తెల్లరంగు మీద నల్లటి మెలికొమ్ము, కొమ్ము కింద సగం చెవి. విరిగిన బోర్డు మిగతా పలకని ఓవర్సీరుగారు ఆఫీసుకి తెప్పించి పెట్టారు. బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టా. చిరుగు చిరుగులో కూచుంది. ఆ పక్కన ఆగిన మెలిక ఈ పక్కన సాగింది. ఎస్సైగారు వంగి చూసి, "సరిపోయింది" అన్నారు.

ఆయన ముక్కని మళ్ళీ గుడ్డలో చుడుతూ, "చనిపోయినావిడ మీకేమవుతుంది?" అని అడిగారు.

"అక్కండీ" అన్నా. తర్వాత చెప్పేశా. "చిల్లకల్లులో ఆ రాళ్ళ లారీ డ్రైవర్ని కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నానండి. అతను నిజం చెబుతున్నాడని తెలిసే కొట్టానండి."

ఓవర్సీరుగారు తలుపు దగ్గరగా వేశారు. "ఆ స్టేషను నాది కాదు. అక్కడ పోయి చెప్పుకోండి" అన్నారు ఎస్సైగారు.

చెప్పుకున్నా. రాసుకున్నారు. గుంపులో ఎవరు ఏ దెబ్బ కొట్టారో తేలక ఆ కేసు కొన్నాళ్ళకి పోయింది. అక్కని చంపినవాడి కేసు మాత్రం నిలబడింది. కోర్టులో నన్ను బోనెక్కించి ఆ రేకు ముక్క చూపిస్తే, బొమ్మ నాదే, నా చేత్తో రాసిందే అని చెప్పా. వాడికి జైలు పడింది. వాడి వైపు చూడబుద్ధి కాలేదు. చూస్తే నాకూ వాడికీ తేడా ఎంతో లెక్కవేసుకోవాల్సొస్తుంది.

రాళ్ళ లారీ డ్రైవరు బెజవాడ ఆసుపత్రిలో ఉన్నాడని తెలిసి వెళ్ళా. మంచం పక్కన అతని భార్య గంజి తాగిస్తోంది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. నేనెవరో చెప్పా.

"ఎక్కడ కొట్టావు?" అన్నాడు. పళ్ళు లేక మాట గాలిగా వచ్చింది.

"ఆ చేతి మీదే."

కట్టులోంచి బయటికొచ్చిన వేళ్ళు కదపబోయాడు. రెండు కదల్లేదు. "పంది బోర్డు అన్నా కదా. వినపడలేదా నీకు?"

"వినపడింది. దాన్ని రాసింది నేనే."

ఆవిడ గిన్నె కింద పెట్టి లేచింది. నా చొక్కా పట్టుకుని చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. నేను కదల్లేదు. వార్డులో అందరూ చూస్తున్నారు. చెయ్యి నొప్పెట్టి ఆవిడే ఆగింది.

"స్టీరింగు పట్టుకోలేడంట ఇంక. డాక్టరు చెప్పాడు" అంది ఏడుస్తూ. "ముగ్గురు పిల్లలు. ఏం చెయ్యమంటావు నన్ను?"

అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "పంపించెయ్యి" అన్నాడు భార్యతో. నేను వరండాలోకి వచ్చి, గేటు దాకా నడిచి, అక్కడ మెట్టు మీద కూచుండిపోయా.