ముసుగు కింద ధరలు

లక్ష్మీదుర్గ తన ఉద్యోగమేమిటో ఇంట్లో ఎన్నడూ సరిగా చెప్పలేకపోయింది. "రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి తేడాలు చూస్తానమ్మా" అంటే, నరసాపురంలో చేపలమ్మే తల్లి మరిడమ్మ, "దానికి ఇంజనీరింగెందుకే? చిన్నపిల్లల పుస్తకాల్లో కూడా ఉంటాయి కదా!" అని నవ్వేది.

ఆ మాటలో అబద్ధం లేదు గాని, నిజమంతా కూడా లేదు. రొయ్యల రైతులకు ఏరోజు ధర ఆరోజు వెబ్‌సైటులో చూపే ఒక చిన్న కంపెనీ భీమవరంలో ఉంది. ఆరేళ్లుగా ఆమె అందులో టెస్టరు. సైటు కొత్త రూపం విడుదలయ్యే ముందు, ఒక ప్రోగ్రాం ప్రతి పేజీకీ రకరకాల ఫోన్ల వెడల్పుల్లో స్క్రీన్‌షాట్లు తీస్తుంది. గత విడుదలనాడు ఆమోదించిన వాటితో పోల్చి, మారిన చోటల్లా ఎర్రరంగు పూస్తుంది. ఆ మార్పు కోరి చేసిందా, తెలియక జరిగిందా అన్నది మనిషి తేల్చాలి. 'సరే' అని నొక్కితే కొత్త బొమ్మే ఇకపై కొలబద్ద. తప్పు బొమ్మకు సరే అంటే, మర్నాటి నుంచి ఆ తప్పే ఒప్పుగా చలామణి అవుతుంది.

కిందటి నెల ఆమె ఒక విడుదలను ఆపించింది. తీరా చూస్తే పేజీలో దోషమేమీ లేదు. స్క్రీన్‌షాట్లు తీసే కంప్యూటరు మార్చడంతో అక్షరాల అంచులు రవ్వంత తేడాగా వచ్చాయి, అంతే. యజమాని ప్రసన్నకుమార్ కోపగించుకోలేదు గాని, "ఇంకోసారి ఇలా ఉత్తుత్తినే కేకలేస్తే, రైతుల ఫోన్లెత్తే సీట్లో కూర్చోబెడతానమ్మా" అన్నాడు. ఆయన ఆడి తప్పే మనిషి కాడు.

ఆ శుక్రవారం సైటంతటికీ ఫాంటు మార్చారు. మార్చినవాడు పేజీలు కట్టే దొరబాబు. నూట ఎనభై స్క్రీన్‌షాట్లూ ఎర్రబడ్డాయి.

"ఫాంటు మారితే అన్నీ ఎర్రగానే ఉంటాయండి. మొత్తానికీ ఒకేసారి సరే కొట్టేయండి" అన్నాడు దొరబాబు.

"కొట్టడానికి వేలు చాలండి. చూడ్డానికే కళ్లు కావాలి."

"అయితే ఆ కళ్లని నాలుగింటికల్లా తెమల్చమనండి. ఐదింటికి కొత్త ధరలొచ్చేస్తాయి."

ఆమె ఒక్కొక్కటీ చూసింది. అక్షరాల అంచులు ఎర్రబడినా, ప్రతి మాటా ఉన్నచోటనే ఉంది. నూట పదిహేడో బొమ్మ మాత్రం అలా లేదు. అది సన్నటి ఫోనులో ధరల పేజీ. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది అన్ని కౌంటు. పై వరుసలోని '100 కౌంటు' అన్న మాట, కొత్త అక్షరాలు వెడల్పు కావడంతో, రెండు ముక్కలై రెండు లైన్లలో పడింది. దాని కింది 90, 80, 70 అన్నీ దిగజారాయి.

మరి పక్కనున్న ధరలూ దిగాయా? బొమ్మ చెప్పలేదు. ధరలు రోజూ మారతాయి కనుక పోల్చిన ప్రతిసారీ ఎర్రబడతాయని, ఆ నిలువు వరుసను పోలికలోకి రాకుండా బూడిదరంగు ముసుగుతో కప్పి ఉంచారు. కప్పింది ఆమే, కిందటేడు.

రెండూ కలిసి దిగితే దోషం లేదు. ఒకటే దిగితే రైతు మోసపోతాడు. అనుమానంతో ఆపితే ఫోన్ల సీటు ఖాయం. ఆధారం లేకుండా ఆపకూడదు, సరే అనీ నొక్కకూడదు అనుకుంది. పరీక్ష కోసం మారని ధరలు కొన్ని కల్పించి, పాత విడుదలకూ కొత్తదానికీ అవే ఇచ్చి, ముసుగు తీసి, రెండింటికీ మళ్లీ స్క్రీన్‌షాట్లు తీయించింది.

పట్టికను పక్కకు జరిపినా కౌంట్లు కదలకుండా ఉండాలని, దొరబాబు కౌంట్లను, ధరలను వేర్వేరు పట్టికలుగా కట్టాడు. కౌంట్లు దాదాపు ఒక వరుస దిగాయి. ధరలు ఉన్నచోటే ఉన్నాయి. 90 కౌంటు పక్కన 80 కౌంటు ధర నిలబడింది. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది కనుక, అది ఎక్కువ ధర. దాన్ని నమ్మి రైతు చెరువు పట్టుబడికి దిగితే, వల తీశాక రొయ్యల్ని మళ్లీ నీళ్లలో వదల్లేడు.

మూడూ నలభైకి ఆమె ప్రసన్నకుమార్ ఎదుట నిలబడింది.

"మళ్లీ ఆపమంటావా ఏంటి?"

"ఆపమనే అంటున్నానండి. ఈసారి రెండు బొమ్మలూ తెచ్చాను."

ఆయన కళ్లజోడు సర్దుకుని ఇటూ అటూ రెండుసార్లు చూశాడు. "ఇలాంటిది ఇంతకుముందు కూడా జరిగి ఉంటే?"

"మనకి కనపడేది కాదండి. ధరల మీద ముసుగేసింది నేనే."

చెప్పకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. గుమ్మం దగ్గరున్న దొరబాబు, "విడివిడిగా కట్టింది నేనండి. తిట్లు చెరిసగం చేయండి" అన్నాడు.

ప్రసన్నకుమార్ నవ్వలేదు. "ఇవాళ్టి ధరలు పాత పేజీలోనే వేయండి. ఆ ముసుగులు ఎక్కడెక్కడున్నాయో అన్నీ తీసెయ్యమ్మా" అన్నాడు.

సోమవారానికి దొరబాబు రెండు పట్టికలనూ ఒకటి చేశాడు. లక్ష్మీదుర్గ పదకొండు చోట్ల ముసుగులు తీసి, మారని ధరలు పెట్టి, కొత్త స్క్రీన్‌షాట్లు ఒక్కొక్కటే చూస్తూ సరే అంటూ వచ్చింది. తొమ్మిదో ముసుగు తీసిన చోట, మేత ధరల పేజీలో చివరి అంకె సగం తెగి కనిపించింది. అది వేసవి నుంచీ అలాగే ఉంది. దోషాల జాబితా తెరిచి, పేజీ పేరు, తేదీ రాసి, 'ఎందుకు కనపడలేదు' అన్న గడిలో తన పేరు రాసింది.