నిచ్చెన మీద మనిషి

జిరాక్స్ షాపులో ఓ మూల ఆమె బల్ల. ఇంగ్లీషు కాగితాలు తెలుగు చేస్తుంది కాబట్టి వీధంతటికీ తర్జుమా అక్క. తెలుగు చేసి ఊరుకోదు. వచ్చినవాళ్ళ చేత వాళ్ళ మాటల్లో మళ్ళీ చెప్పిస్తుంది. అర్థం కానిది అక్కడే బయటపడుతుందని ఆమె నమ్మకం.

ఆ మధ్యాహ్నం ఒకామె మరిదితో వచ్చింది. అన్నదమ్ములిద్దరూ గోడలకు రంగులేసేవాళ్ళు. అన్న నిచ్చెన మీంచి పడి చనిపోయాడు. ప్రమాద బీమా సొమ్ము ఇవ్వలేమని కంపెనీ ఉత్తరం రాసింది.

అక్క మెల్లగా చదివింది. "జబ్బు వల్ల కలిగిన మరణానికి ఈ పాలసీ వర్తించదు. ఇది మినహాయింపు."

"మినహాయింపంటే?"

"గొడుగు వాన ఆపుతుంది, వరదని ఆపదు. ఏది ఆపదో ముందే చిన్న అక్షరాల్లో రాసి అమ్ముతారు. ఇది ప్రమాదాలకే. పోస్టుమార్టంలో గుండెపోటని ఉంది, తలకి తగిలింది చిన్న దెబ్బని ఉంది. గుండె ఆగాకే పడ్డాడంటున్నారు."

"ఆయనకి జబ్బేంటక్కా? రాయి లాంటి మనిషి."

"తెలియకుండా ఉన్నా జబ్బు జబ్బేనంటారు." మరిది వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బాబూ, ఏమర్థమైంది?"

అతను గోళ్ళలోని రంగు గీక్కుంటూ కూర్చున్నాడు. "నిచ్చెన చంపలేదని." "నేను నిచ్చెన వదిలేసి టీకి పోకపోయినా అన్న చనిపోయేవాడేనని."

షాపులో యంత్రం కాగితాలు వదులుతూనే ఉంది.

"పట్టుకునే ఉన్నానన్నావు కదయ్యా," అంది వదిన.

అతను తల వంచి మళ్ళీ గోళ్ళు గీక్కున్నాడు.

వదిన అక్క వైపు తిరిగింది. "ఇక దారి లేదా?"

"ఉంది. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, అక్కడా కాదంటే బీమా తగాదాలు తీర్చే అధికారి, అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. దానికి ఖర్చుండదు. మినహాయింపు వర్తిస్తుందని చూపించాల్సింది కంపెనీయే. తల దెబ్బే ప్రాణం తీసుండొచ్చని ఒక డాక్టరు రాసిస్తే బలం. వస్తుందని మాత్రం నేను చెప్పలేను."

"ఏమని రాస్తాం?"

"పడటం వల్లే పోయాడని."

ఆమె మరిది వైపు చూడలేదు. అతనే అన్నాడు. "రాయించు వదినా. పిల్లలున్నారు."

"జారడం చూశావా?" అడిగింది అక్క.

"లేదమ్మా. వచ్చేసరికి కింద ఉన్నాడు. కానీ చూశానని రాయండి."

"చూడనిది రాయను. ఉన్నదే రాద్దాం."

"ఉన్నది రాస్తే..." వదిన ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "రాయండక్కా."

అక్క కళ్ళజోడు సర్దుకుని టైపు చేసింది. "నిచ్చెన పట్టుకోవలసిన మనిషి ఆ సమయంలో అక్కడ లేడు."

మరిది లేచి వెళ్ళి వాకిట్లో నిలబడ్డాడు. వదిన పిలవలేదు.