ఎర్లిండా సిఫారసు ఉత్తరం

మా ఆవిడ ఎర్లిండా మా ఊరు క్వెంకాలో ఎండుమొక్కల భాండాగారంలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. ఎండిన మొక్కను అట్టమీద అతికించడం, పేరు చీటీ అంటించడం ఆమె పని. పోయిన ఫిబ్రవరిలో ఆమె కన్నుమూసింది. గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

ఒక ఏడు బొగొతాలో మూడు నెలల శిక్షణకు ఒకే ఒక్క సీటు ఉందని తెలిసింది. పేరున్న శాస్త్రవేత్త సిఫారసు కావాలి. ఆ భాండాగారంలోనే పనిచేసి రిటైరైన డాక్టర్ వింతిమీయాకు ఉత్తరం రాసి, తన పనిని ఒక పేజీలో రాసి జతచేసింది. మర్నాడే ఫోన్ వచ్చింది.

"నువ్వే రాసి తీసుకురా అమ్మాయ్, సంతకం పెడతాను."

మా ఊళ్లో పెద్దవాళ్లందరూ ఇచ్చే జవాబే అది. సిఫారసు కావలసినవాడే రాసుకోవాలి, పెద్దాయన పెన్ను అందుకోవాలి.

ఎర్లిండా రాసింది చదివి నాకు దిమ్మ తిరిగింది. "ఈమె పని శుభ్రం. వానాకాలంలో పనికి ఆలస్యంగా వస్తుంది. వాదిస్తుంది."

"ఇది సిఫారసా, ఫిర్యాదా?"

"ఆయన నిజంగా రాస్తే ఇలాగే రాస్తాడయ్యా. ఆయన నోట్లో నా పొగడ్తలు ఎలా పెట్టను?"

"అందరూ పెడతారే!"

"అందరూ చేసేదే చేసేదాన్నయితే నిన్ను చేసుకునేదాన్నా?"

గడువు ఆ రోజే సాయంత్రం అయిదింటికి. మధ్యాహ్నం ఇద్దరం ఆయన ఇంటికి వెళ్లాం. డాక్టరుగారు చూడకుండానే పెన్ను తీశారు. ఎర్లిండా కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చదవండి డాక్టరు గారూ."

"ముప్పై ఏళ్లుగా చదవకుండానే పెడుతున్నాను!"

అయినా చదివారు. ఆలస్యం దగ్గర నవ్వారు. తర్వాత, ఆమె మొదట ఉత్తరంతో పంపిన పేజీ తీసి ఇప్పుడు చదివారు. పద్దెనిమిది వేల అట్టలు, ఆరు సేకరణ యాత్రలు, పోల్చి చూసి సరిదిద్దిన పేర్లు నలభై ఒకటి.

"ఎవరు పెట్టిన పేర్లివి?"

"మీరు పెట్టినవే."

సీటు పోయిందనుకున్నాను.

"ముప్పై తొమ్మిది," అన్నారు ఆయన. "ఆ రెండు మికోనియా మొక్కలకీ నేను పెట్టిన పేర్లే సరైనవి."

"ఆకు అడుగున నూగు చూడండి."

"నువ్వు పుట్టకముందే చూశాను!"

"అప్పుడు మీకు కళ్లద్దాలు లేవా?"

నేను ఆవిడ మోచేతిని గిల్లాను. ఆమె కదల్లేదు. ఆయన ఎర్లిండా ఉత్తరాన్ని చింపి, కొత్త కాగితం తీసి, సాయంత్రం నాలుగింటిదాకా తన చేత్తో రాశారు. "ఈమె నా తప్పులు ముప్పై తొమ్మిది పట్టుకుంది. మరో రెండింటిమీద మాకు గొడవ ఉంది. ఇలాంటి మనిషిని మీరు తీసుకోకపోతే నష్టం మీకే." ఆలస్యం సంగతి కూడా వదల్లేదు.

పరుగున వెళ్లి పంపించాం. మూడు వారాలకు సీటు వచ్చింది.

బస్సు ఎక్కేరోజు డాక్టరుగారూ వచ్చారు. కిటికీ పట్టుకుని ఆయన, లోపలినుంచి ఈవిడ నూగు గురించి వాదించుకుంటూనే ఉన్నారు. నాకు వెళ్లొస్తానని చెప్పడం మా ఆవిడ మరిచేపోయింది.