తల మీద చెయ్యి పడేదాకా

మా పెద్దబాపు పోయిండన్న కబురు పొద్దున చాయ్ పొయ్యి మీద ఉండగా వచ్చింది. ఊరి నుంచి ఫోన్ చేసింది ఆయన కొడుకు, నాకు వరసకు తమ్ముడు. చెప్పాల్సింది చెప్పి, "అన్నా, చాయ్ తాగినవా?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను. "తాగి రా. బాపు ముందుగాల్నే చెప్పిండు. ఖాళీ కడుపుతోటి వచ్చి ఏడిస్తే కండ్లు తిరుగుతయట, మల్ల మిమ్మల్ని లేపుడొక పని అయితదట."

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చాయ్ మాత్రం తాగే బయలుదేరాను. పెద్దల మాట కాదనే అలవాటు మా ఇంట్లో లేదు.

నన్ను పెంచింది ఆయనే. ఆయన తమ్ముడు, మా నాన్న, నా చిన్నప్పుడే పోయాడు. పెద్దబాపు గుంట మగ్గం నేసేవాడు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని, కింది చెక్కలు ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ, పైన చేతులతో పోగు మోసే నాడె విసిరేవాడు. చూడవచ్చిన వాళ్లు చేతుల పనితనం చూసి మెచ్చుకునేవారు. ఆయన మాత్రం, "చేతులకు పేరొచ్చింది గని, నేసింది కాళ్లే రా. అవి గుంటల ఉన్నయి గనుక ఎవ్వలకు కనవడలే," అనేవాడు. కాళ్లెందుకు మొక్కుతారని అడిగిన వాళ్లకు ఆయన జవాబు అదే. మనిషిలో అన్నిటికంటె కింద ఉండి, అన్నిటికంటె ఎక్కువ మోసి, ఎవరి మెప్పూ పొందనివి పాదాలు. వాటి దగ్గరికి నీ తల తీసుకుపోయి, నీ మోత నేనెరుగుదును అని చెప్పడమే మొక్కడం. తర్వాత ఊళ్లోకి మర మగ్గాలు వచ్చాయి, కరెంటు తొక్కడం మొదలుపెట్టింది. "నా కాళ్లకు పని లేకపాయె. గిప్పుడు మొక్కుతానికి మంది మోపయిన్రు," అని నవ్వేవాడు.

నేను బడికి పోయింది తక్కువ. కిరాణా పొట్లాలు విప్పి, ఆ కాగితాలు చదివి అక్షరాలు కూడబెట్టుకున్నవాణ్ణి. ఒకసారి అలాంటి ఒక పొట్లంలో 'పాదాభివందనం' అనే మాట దొరికింది. అందులో ఏం కట్టి ఇచ్చారో ఇప్పుడు గుర్తు లేదు, చింతపండే కావచ్చు, కాగితమంతా మరకలు. ఆ మాట గొప్పగా పెద్దబాపుకు వినిపించాను. "గంత పెద్ద మాట ఎందుకు రా, వంగేటప్పుడు బరువైతది," అన్నాడు.

ఎలా మొక్కాలో ఆయన నేర్పలేదు. తప్పు మొక్కితే కాళ్లు వెనక్కి లాక్కునేవాడు, అంతే. వెనక నుంచి వచ్చి మొక్కితే లాక్కునేవాడు. చెప్పులు విడవకుండా వచ్చినా, తాను అన్నం తింటున్నప్పుడు వచ్చినా అంతే. ఎదురుగా వచ్చి, ఒక్క క్షణం మొహం చూసి, నడుము పూర్తిగా వంచి, వేళ్లు పాదాలకు తగిలించి, ఆ వేళ్లను కళ్లకద్దుకోవాలి. ఆ తర్వాతిదే అసలు సంగతి. తల మీద చెయ్యి పడేదాకా లేవకూడదు. "ఇచ్చేటోడు ఇంక ఇయ్యకముందే తీసుకునేటోడు పోతే ఎట్ల?" అనేవాడు. దసరా సాయంత్రం జమ్మి ఆకులు పట్టుకుని వచ్చే కుర్రాళ్లు కొందరు, అరుగు మీద వరసగా కూర్చున్న ముసలివాళ్లందరి పాదాల మీదుగా, మిరపమొక్కలకు నీళ్లు పట్టినట్టు చేయి ఆడించుకుంటూ పోతారు కదా, వాళ్లను పేరు పెట్టి వెనక్కి పిలిచేవాడు.

ఆయన చిన్నతనంలో దొర గడీ ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు చేతబట్టుకుని, నడుము వంచి, కాల్మొక్త దొరా అనవలసిందే. ఆయన కూడా వంగినవాడే. "గది మొక్కుడు గాదు, గది భయం," అనేవాడు. "భయంతోటి వంగితే నడుము నొస్తది. ఇష్టంతోటి వంగితే నడుమున్నదనే యాదికుండది."

వంగడం ఆయనకు వయసుతో తీరిపోలేదు. ఏటా దసరా మర్నాడు లక్సెట్టిపేట బస్సెక్కి, తనకంటె పెద్దదైన అక్క, అంటే మా మేనత్త, కాళ్లు మొక్కి వచ్చేవాడు. ఒకసారి తోడు పోయాను. మేనత్త బియ్యం చెరుగుతోంది. తమ్ముణ్ణి చూడగానే చేట పక్కన పెట్టింది, కొంగుతో చేతులు తుడుచుకుంది, నిటారుగా సర్దుకు కూర్చుంది. "ఆఁ, ఇగ మొక్కు," అంది. ఎనభై దాటిన మనిషి గోడ పట్టుకుని వంగాడు. ఆమె తల మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు తమ్మీ," అని, ఆ చెయ్యి తీయకుండానే, "తలకు నూనె పెడ్తలేవారా? గడ్డి లెక్కున్నది," అని తిట్టింది. తిరుగు బస్సులో ఆయన, "చూసినవా, వంగేటోనికంటె కూసున్నోనికే పనెక్కువ. చేతుల ఉన్నది పక్కకు వెట్టాలె, మనసుల ఉన్నది గూడ పక్కకు వెట్టాలె," అన్నాడు.

ఇంత తెలిసిన మనిషి కూడా ఒకసారి గాడి తప్పాడు. అది నా చిన్నకొడుకు, మా చిన్నోడి పెండ్లిలో.

తలంబ్రాలయ్యాక జంటను పెద్దల దగ్గరికి తిప్పుతున్నాం. వాడు బిగుతు సూటులో ఉన్నాడు, చూపు ఫోటోగ్రాఫర్ మీద ఉంది. పెద్దబాపు ఎదుటికి వచ్చి, సగం వంగి, ఆయన మోకాళ్లను వేళ్ల కొసలతో తాకి లేచాడు. ఈ మోకాలి మొక్కు ఇప్పుడు అంతటా ఉన్నదే. పెద్దబాపు పందిరంతా వినపడేలా, "ఏమిరా పిలగా, నాకు మోకాళ్ల నొప్పులని నీకెవ్వలు చెప్పిన్రు? మందు రాస్తున్నవా?" అన్నాడు. పందిరి గొల్లుమంది. పిల్ల తరఫువాళ్లు మరింత నవ్వారు. వాడి మొహం కందగడ్డ అయింది. మళ్లీ వంగలేదు. పక్కనున్న కోడలు పిల్ల కొంగు సర్దుకుని పద్ధతిగా మొక్కి దీవెన పుచ్చుకుంది. వాడు తీసుకోకుండానే పోయాడు.

ఆ తర్వాత వాడు మస్కట్ పోయాడు. సెలవులకు వచ్చినా ఆ గడప తొక్కలేదు. "నలుగుట్ల నవ్వులపాలు చేసిండు బాపూ. మల్ల పోతే మల్ల నవ్వుతడు," అనేవాడు. దసరాకు కోడలు ఒక్కతే జమ్మి తీసుకుని పోయేది. పెద్దబాపు ఆమె భుజం మీదుగా వాకిట్లోకి చూసేవాడు. ఒకసారి నాతో మెల్లగా అన్నాడు: "చెవుల చెప్పాల్సిన మాట పందిట్ల చెప్పిన. తప్పు నాదే. వాని దీవెన నాకాడనే ఉండిపాయె రా. ఇంకోలకు ఇయ్యరాదు, వాని పేరు మీదున్నది. ఇయ్యకుంట పోతే ఎట్ల?"

చావంటే బెంగలేని మనిషికి అదొక్కటే బెంగ.

మొన్నటి దసరాకు చిన్నోడు సెలవు మీద వచ్చాడు. అప్పటికి పెద్దబాపు స్నానాలగది దగ్గర జారిపడి మంచానికే అంటుకుపోయి ఉన్నాడు. నేను బతిమాలలేదు. జమ్మి ఆకులు వాడి చేతిలో పెట్టి, "నేను పోతున్న, వస్తే రా," అన్నాను. బండి స్టార్ట్ చేశాక వెనక బరువు తెలిసింది.

లోపలికి పోగానే వాడు కంగారులో ఎవరి మొహమూ చూడకుండా, నేరుగా మంచం కాళ్లవైపు పోయి వంగాడు. దుప్పటి కింది పాదాలు చటుక్కున ముడుచుకున్నాయి.

"పండుకున్నోని కాళ్లు మొక్కుతర్రా?" గొంతు సన్నగా వచ్చింది. "పోయినోల్ల కాళ్లే గట్ల మొక్కుతరు. నేనింక ఈడనే ఉన్న. లేపు నన్ను."

వాడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. తమ్ముడు సాయానికి లేవబోతే మోచేత్తో ఆపాను.

మంచంలోని మనిషిని లేపాలంటే దూరం నుంచి కాదు. వాడు వంగి, చంకల కింద చేతులు పోనిచ్చి, ఛాతీకి ఆనించుకుని ఎత్తాలి. ఆయన గడ్డం వాడి భుజం మీద పడింది. ఇద్దరికీ ఊపిరి అందలేదు. కాసేపు అలాగే ఉండిపోయారు. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పడం కష్టం. ఆయన వాడి చెవిలో ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. వినపడవలసింది నాకు కాదు. తర్వాత వాడు ఆయన కాళ్లు ఒకటొకటిగా కిందికి దించి నేలకు ఆనించాడు.

"చెప్పులిడిసినవా?"

"ఇడిసిన తాతా."

"ఆఁ, ఇగ మొక్కు."

వాడు జమ్మి ఆకులు ఆయన చేతిలో పెట్టి, ఒక క్షణం ఆయన మొహంలోకి చూసి, నేల మీద కూలబడ్డట్టే వంగాడు. రెండు అరచేతులూ ఆ పాదాల మీద పెట్టి, కళ్లకద్దుకుని, తల దించి ఆగాడు. పెద్దబాపు చెయ్యి లేచి, దారి వెతుక్కుంటూ వచ్చి, వాడి తల మీద దిగింది. "సల్లగుండు బిడ్డా. పెండ్లప్పటిది గూడ గిండ్లనే కలిపిన," అన్నాడు. చాలాసేపటికి చెయ్యి తీసి, "గిప్పుడు మోకాళ్లు నిజంగనే నొస్తున్నయి రా. ఆ గూట్ల మందున్నది, జర రాయి," అన్నాడు. వాడు పకపకా నవ్వుతూ రాశాడు. నవ్వుతున్నాడనే అనుకున్నాను, మందు ఘాటుకు కళ్లెర్రబడ్డాయని తర్వాత చెప్పాడు.

వాడి సెలవు తీరకముందే ఆయన వెళ్లిపోయాడు.

మేం పోయేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. కాలి బొటనవేళ్లు రెండూ కలిపి నూలుపోగుతో కట్టారు. లక్సెట్టిపేట నుంచి మేనత్తను కారులో తెచ్చారు. పెద్దది చిన్నవాడి కాళ్లు మొక్కదు, అందుకని తల దగ్గర కూర్చుంది. తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి, ఎప్పటిలాగే, "సల్లగుండు తమ్మీ," అంది. వేళ్లతో జుట్టు సర్ది, "గిప్పుడు పెట్టిన్రు తలకు నూనె," అంది.

చిన్నోడి వంతు వచ్చింది. పాదాలు తాకి, కళ్లకద్దుకుని, వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. వెనక వరస ఆగింది. ఒకాయన దగ్గాడు. వాడు లేవలేదు. నేర్చుకున్న పద్ధతి ప్రకారం ఆగాడని నాకొక్కడికే అర్థమయిందనుకున్నాను.

మేనత్తకూ అర్థమయింది.

"ఇటు రా బిడ్డా," అంది. "వాడు ఇయ్యలేడు గద, వాని అక్కను నేనుంటి."

వాడు లేచి ఆమె దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు. ఆమె ఎడమ చెయ్యి తమ్ముడి తల మీద నుంచి తీయలేదు. కుడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, వాడి తల మీద పెట్టింది.