హార్మోనియం పక్కకు చూపు

అనంతపురంలో ఒక కల్యాణమంటపం పైఅంతస్తును మేము స్టూడియో అని పిలుచుకునేవాళ్లం. గోడ నిండా ఆకుపచ్చ గుడ్డ, దాని మీద సమానంగా పడేలా లైట్లు, కిటికీలకు అట్టలు. కింద పెళ్లి ఉంటే ఆ రోజు మాకు సెలవు. మేళం మోతకు ఏ మైకూ తట్టుకోదు. రైతుల కోసం వీడియో పాఠాలు తీసి ఊళ్లకు సీడీలు పంపే చిన్న సంస్థ మాది. ఇంటింటికీ సెల్‌ఫోను ఇంకా రాని కాలం.

పాఠం రాసేది వేరేవాళ్లు. రాసిన కాగితాన్ని షూటింగుకు తయారు చేసేది నేను. ఎడమ వరసలో కనిపించేది, కుడి వరసలో వినిపించేది. షూటింగు నాటికి బొమ్మలు ఉండవు. వాటిని తర్వాత బెంగళూరులో ఒకాయన కంప్యూటరులో గీసేవాడు. కాబట్టి రాబోయే ప్రతి బొమ్మకూ కాగితం మీద చోటు పట్టి ఉంచాలి. ఎర్ర పెన్నుతో ఒక డబ్బా గీసి అందులో రాసేదాన్ని: "గ్రాఫిక్: వేరుశనగ మొక్క, వేళ్లు, భూమిలోకి దిగి కాయ కట్టే ఊడలతో సహా. ఫ్రేములో కుడి, మోకాలి ఎత్తు. 'ఊడలు చూడండి' దగ్గర వస్తుంది, 'కదిలించొద్దు' తర్వాత పోతుంది." ఆ పక్కనే చూపు గుర్తు. 'కె' అంటే కెమెరాలోకి చూడాలి, 'మొ' అంటే మొక్క వైపు, 'మే' అంటే మేఘం వైపు. మాట్లాడే మనిషి ఏ మాట దగ్గర చూపు తిప్పాలో ఆ మాట మీదే బాణం వేసేదాన్ని.

నిజం మొక్కనే చేతికిచ్చి చూపించొచ్చు కదా అని అడిగేవాళ్లు. కంప్యూటరు ఆకుపచ్చనంతా చెరిపేసి అక్కడ బొమ్మ పెడుతుంది కాబట్టి, ఆ గుడ్డ ముందు అది కుదరదు. గుడ్డతో పాటు ఆకులూ మాయమై, గాల్లో వేలాడే కాయలు మాత్రమే మిగులుతాయి.

ఒకరోజు వేరుశనగ పాఠం చెప్పడానికి వచ్చినామె పద్యనాటకాల నటి. ఊళ్లలో నాటకాలు తగ్గిపోయి, ఏడాదికి ఒకటీ అరా వేషం దొరికితే గొప్ప. గొంతు మాత్రం కంచు. డైరెక్టరు ఆమెకు మొహం మీదే చెప్పేశాడు. ఈ పాఠం బాగా వస్తే మిగతా పాఠాలన్నీ ఆమెవే, రాకపోతే బెంగళూరులో ఒక యాంకరమ్మ తయారుగా ఉంది.

మేకప్ వేసుకుంటూ ఆమె నాతో, "పాపా, ఈ పని నాకు కావాల. వేషాల్లేక ఇంట్లో కూర్చుంటే పిచ్చి పడతాండాది," అంది. దాపరికం లేని మనిషి. నాకు అప్పుడే ఆమె నచ్చేసింది.

షూటింగు మొదలైంది. కెమెరాలోకి చూసి చెప్పేవన్నీ ఒక్క దెబ్బకు అయిపోయాయి. తర్వాత మొక్క వచ్చింది. అంటే రాలేదు, అదే మా కష్టం. ఫ్రేముకు కుడివైపు, అంచు బయట, మోకాలి ఎత్తున ఒక స్టాండుకు ఎర్ర టేపు అంటించాం. ఆ టేపును చూస్తే, తర్వాత బొమ్మ వచ్చే చోటు మీదుగా ఆమె చూపు పోతుంది. అది కెమెరాకు కుడి, ఎదురుగా నిలబడిన ఆమెకు ఎడమ.

"ఇదిగో, ఊడలు చూడండి," అని ఎడమచెయ్యి చాపిందామె. చెయ్యి టేపు వైపు ఉంది. కళ్లు మాత్రం అటూ ఇటూ తచ్చాడి, సరిగ్గా రెండో పక్కకు, కిందికి దిగిపోయాయి. మళ్లీ తీశాం. మళ్లీ అదే.

"ఆడ ఏముందమ్మా? మొక్క ఈడ ఉంటే నువ్వు ఆడ చూస్తాండావు!" అన్నాడు డైరెక్టరు.

"ఏమప్పా, ఈడా ఏం లేదు, ఆడా ఏం లేదు. ఉండేది నీ టేపు ముక్కే కదా," అందామె. నవ్వించబోయింది.

కెమెరా సాయిబు పెళ్లిళ్లు తీసీ తీసీ ఓపిక పెంచుకున్న మనిషి. "సార్, ఇంగోసారి," అన్నాడు. ఆ ఇంకోసారి కూడా పోయింది. డైరెక్టరు జేబులోంచి ఫోను తీశాడు. అది బెంగళూరుకేనని అందరికీ తెలుసు. నాకు ఒళ్లు మండింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కాకపోతే ఆ రోజు ఎవరి మీద చూపాలో తెలియక కాగితం వైపు తిరిగి, ఆమె చూపు పోయిన చోటల్లా పెన్సిలుతో చుక్క పెట్టాను. చుక్కలన్నీ ఒకే పక్క. ఆమెకు కుడి, కింద. తప్పు కూడా ఇంత ఒద్దికగా జరుగుతుందా?

అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. ఆయనకు నాటకాల పిచ్చి. నన్ను తీసుకుపోయి స్టేజీ అంచున హార్మోనియం వాయించేవాళ్ల పక్కన కూర్చోబెట్టేవాడు. పద్యం ఎత్తుకునే ముందు రాజైనా రాణైనా ఒకసారి మా వైపు చూసేవాళ్లు. నన్నే చూస్తున్నారని పొంగిపోయేదాన్ని. చాలా పెద్దయ్యాక తెలిసింది, వాళ్లు చూసేది శ్రుతి కోసమని.

"అక్కా, మీ నాటకాల్లో హార్మోనియం ఏ పక్క?" అని అడిగాను.

ఆలోచించకుండా కుడిచెయ్యి చాపింది. చాపి, తన చేతిని తానే చూసుకుని, "అయ్యో నా బుద్ధి కాలా!" అంది.

డైరెక్టరు దగ్గరికి పోయాను. "అన్నా, ఆ ఫోను ఆపు. మొక్కను ఫ్రేములో ఎడమకు మారుస్తా."

"బొమ్మలన్నీ కుడికి రాసినాం కదా?"

"రాసినాం, అంతే. ఎవరూ గీయలేదింకా. ఆయప్ప నా కాగితం చూసే కదా గీసేది!"

ఆయన ఫోను జేబులో పెట్టాడు గానీ మొహం ముడుచుకునే ఉంది. నేను ప్రతి డబ్బాలో 'కుడి' కొట్టేసి 'ఎడమ' రాశాను, బాణాలన్నీ తిప్పాను. సాయిబు స్టాండును ఈ పక్కకు తెచ్చాడు. ఆమె నిలబడే గుర్తును అటు జరిపి, లైట్లు సర్దాం.

"ఇదిగో, ఊడలు చూడండి." ఈసారి కుడిచెయ్యి చాపింది, కళ్లు చేతి వెంటే పోయి టేపు మీద నిలిచాయి. "ఊడలు దిగినాక చెట్టును కదిలించొద్దు." ఆ ఖాళీ చోటును ఎంత ముద్దుగా చూసిందంటే, ఎవరైనా అటు నడిస్తే మొక్క తొక్కుతారేమోనని నాకు భయమేసింది. టేకు ఓకే. "ఎడమచేత్తో పంటను చూపించాల్సొచ్చెనే అని మనసులో గునుస్తానే ఉంటిని పాపా," అంది పక్కకు వచ్చి.

చివరిది మేఘం. దానికి టేపును పైకప్పు కొక్కేనికి కట్టాం. ఎంత పైకి చూడాలో, ఎంతసేపు చూడాలో నేను వివరించబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మొడం దిక్కు చూసేది ఈ సీమలో ఒకరు నేర్పించాల్నా?"

తల ఎత్తింది. పద్యం లేదు, రాగం లేదు. "వానకు నేల పదునైతేనే విత్తనం వేయండి," అని ఆగి, ఇంకా చూస్తూనే ఉంది. సాయిబు తలెత్తాడు. నేనూ ఎత్తాను. కట్ చెప్పాల్సిన డైరెక్టరు కూడా కొక్కేనికి వేలాడే ఎర్ర టేపునే చూస్తూ నిలబడిపోయాడు. వర్షం పడకపోవడం ఒక్కటే తక్కువ.

చివరికి డైరెక్టరు కట్ అన్నాడు. ఆమె మా అందరి మొహాలూ మార్చి మార్చి చూసింది. డైరెక్టరు ఆమెతో కాక నాతో అన్నాడు:

"మిగతా పాఠాల కాగితాలు కూడా తీయి. అన్నిట్లో బొమ్మలు ఎడమకే రాయి."

ఆమెకు అర్థం కాలేదు. "ఏమంటాండాడు పాపా?"

"హార్మోనియం పక్కకు రాయమంటున్నాడు అక్కా, అన్ని పాఠాలకూ," అన్నాను.